ఎనిమిదేళ్లు నిలిచిన బ్రాకెట్ ఐదు వారాల్లో ఎందుకు విరిగింది

మేనేజర్ గారి నోట్: "బ్యాగ్ ఫిల్టర్ ఫ్యాన్ దగ్గర చల్లనీళ్ల పైపు మోసే బ్రాకెట్ ఎనిమిదేళ్లు బాగానే ఉంది కదా, ఇప్పుడెందుకు విరిగింది? ఇనుము నాసిరకమా? ఫిట్టర్ దాని మీద కాలు పెట్టి ఎక్కాడని షిఫ్ట్‌లో అంటున్నారు, నిజమేనా? ఇంకొంచెం మందం పట్టీతో మళ్లీ చేసి పెట్టేస్తే సరిపోతుందా? వివరంగా రాయండి."

సర్, నమస్కారం.

ముందు ఫిట్టర్ విషయం, ఎందుకంటే అతనికి మెమో వెళ్లిపోయింది. అతను ఎక్కాడో లేదో నేను చూడలేదు. "నేను దాని మీద కాలెట్టలేదు బాబూ" అన్నాడు. అతని మాట పక్కన పెట్టినా, విరిగిన ముక్క కూడా అదే చెబుతోంది.

బ్రాకెట్ అంటే 65 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీ. ఒక కొస బేరింగ్ పెడెస్టల్‌కు వెల్డ్ చేసి ఉంటుంది. 300 మిల్లీమీటర్లు బయటికి వచ్చిన రెండో కొస మీద పైపు, వాల్వ్‌లు కలిపి సుమారు 12 కిలోల బరువు కూర్చుంటుంది. ఆ బరువు వల్ల వెల్డ్ దగ్గర వచ్చే ఒత్తిడి దాదాపు 23 మెగాపాస్కల్స్. మనం వాడే మామూలు స్ట్రక్చరల్ స్టీల్ 250 దాటితే గానీ వంగదు. 70 కిలోల మనిషి పూర్తిగా కొస మీద నిలబడినా ఇంకో 130 చిల్లర కలుస్తుంది, అంతే. అప్పుడు కూడా పట్టీ వంగదు. పోనీ ఇద్దరు ముగ్గురు ఎక్కి విరిచారనుకుందాం. అలా విరిగిన మెత్తని ఉక్కు ముందు కిందికి వంగుతుంది, సాగుతుంది, తెగిన ముఖమంతా గరుకుగా ఉంటుంది. మన ముక్కను బల్ల మీద పెట్టి స్కేలు ఆనిస్తే వంపే లేదు. పట్టీ తిన్నగా ఉండగానే విడిపోయింది.

ముక్కను కిరోసిన్‌తో కడిగి టార్చ్ వెలుగును పక్కనుంచి పడేలా పట్టుకుని చూశాను. తెగిన ముఖంలో దాదాపు మూడొంతులు నున్నగా ఉంది. పైపక్క, వెల్డ్ పూస పట్టీని కలిసే అంచు దగ్గర తుప్పు పట్టి గోధుమరంగులో ఉంది. అక్కడి నుంచి లోపలికి వచ్చేకొద్దీ రంగు తేలికవుతుంది. మధ్యలో సముద్రపు ఒడ్డున ఇసుక మీద అల వెనక్కి వెళ్లినప్పుడు మిగిలే గీతల్లాంటి వంపు గీతలున్నాయి. వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే అవన్నీ ఒకే చోటికి చేరతాయి. పై అంచున వెల్డర్ పూస వేసినప్పుడు పట్టీని కొంచెం తినేసిన గాడి అది, అర మిల్లీమీటరు లోతు ఉంటుంది. మనవాళ్లు అండర్‌కట్ అంటారు. పగులు పుట్టింది అక్కడే. కింది పక్క మిగిలిన పావు వంతు మాత్రం తళతళలాడుతూ గరుకుగా ఉంది. అది ఆఖరి రోజు ఒక్కసారిగా తెగిన భాగం.

ఈ ఆఖరి భాగం చిన్నగా ఉండటమే ముఖ్యమైన సాక్ష్యం. పట్టీ ముప్పావు వంతు పోయాక కూడా మిగిలిన పావు వంతు బరువు మోస్తూనే ఉందంటే, దాని మీద పడుతున్న బరువు చాలా తక్కువన్న మాట. పెద్ద బరువు పడి విరిగి ఉంటే ఈ లెక్క తిరగబడేది, అంటే నున్నని భాగం కొద్దిగా, గరుకు భాగం ఎక్కువగా కనిపించేది. కాబట్టి ఇది ఫెటీగ్. చిన్న ఊపు కోట్ల సార్లు పడి పగులును కొద్దికొద్దిగా లోపలికి నడిపించింది. ఆ వంపు గీతలు ఒక్కో ఊపుకు ఒక్కోటి అనుకోకండి. ఊపుకు ఒకటి చొప్పున పడే గీతలు కంటికి కనబడవు. ఫ్యాన్ ఆగినప్పుడు, వేగం మారినప్పుడు పగులు నడక కూడా మారుతుంది. కంటికి కనిపించే గీతలు ఆ మార్పులవి.

ఇనుము సంగతి కూడా తేల్చుకున్నాను. మిగిలిన ముక్కను బెంచ్ వైస్‌లో బిగించి సుత్తితో 90 డిగ్రీలు వంచాం. వంపు బయటి వైపు ఒక్క చీలిక రాలేదు. నాసిరకం ఉక్కయితే ఇలా వంగదు.

ఇక మీ అసలు ప్రశ్న, ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకని. నిజానికి నాకూ మొదట అర్థం కాలేదు. "ఏళ్ల తరబడి వైబ్రేషన్, అలిసిపోయి విరిగింది" అని ఒక్క ముక్కలో రిపోర్టు రాసి పంపేద్దామనుకున్నాను. అందరూ రాసేది అదే. కానీ లెక్క వేస్తే ఆ మాట నిలబడలేదు.

ఫ్యాన్ నిమిషానికి 1480 తిరుగుళ్లు తిరిగేటప్పుడు గంటకు 88,800 ఊపులు. రోజుకు 20 గంటలు, ఏడాదికి 300 రోజుల చొప్పున ఏడాదికి 53 కోట్లు. ఫ్యాన్ వేగం మార్చే వీఎఫ్‌డీ పెట్టకముందు ఏడేళ్లలో సుమారు 373 కోట్లు. వీఎఫ్‌డీ పెట్టాక 1350 దగ్గర నడిపిన ఏడాదిలో ఇంకో 49 కోట్లు. మొత్తం దాదాపు 420 కోట్ల ఊపులు బ్రాకెట్ తట్టుకుంది. మామూలు ఉక్కు వెల్డ్‌లో ఫెటీగ్ అనేది ఇన్ని కోట్లు ఓపికపట్టే రకం కాదు. ఊపు పెద్దదైతే కొన్ని లక్షల నుంచి ఒకటి రెండు కోట్ల లోపే పగులు తేలిపోతుంది. ఊపు ఒక హద్దుకు కింద ఉంటే, తుప్పు గట్టిగా తినేయనంత వరకు పగులు నడవదు. మన ఫ్యాన్ వేగంలో కోటి ఊపులంటే వారం కూడా పట్టదు. అంటే మొదటి నుంచీ ఊపు ఎక్కువగా ఉండి ఉంటే ఈ బ్రాకెట్ ఎనిమిదేళ్ల కిందట, పెట్టిన నెలలోనే విరగాలి. ఎనిమిదేళ్లు నిలిచిందంటే ఊపు హద్దు కింద ఉండేది. ఇప్పుడు విరిగిందంటే ఈ మధ్య ఏదో మారింది.

ఏం మారిందో వీఎఫ్‌డీ లాగ్‌లో దొరికింది. పైడితల్లమ్మ పండగ వెళ్లిన వారం నుంచి ఉత్పత్తి తగ్గించాం కదా, అప్పుడు కరెంటు కలిసొస్తుందని ఫ్యాన్‌ను 1350 నుంచి 1240కి దించి అక్కడే వదిలేశాం. ఆ నిర్ణయంలో నేనూ ఉన్నాను సర్, కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపడానికి రాయడం లేదు. లెక్క ప్రకారం అది మంచి నిర్ణయమే. ఫ్యాన్ తాగే కరెంటు వేగానికి ఘనంలో తగ్గుతుంది. 1480తో పోలిస్తే 1240 దగ్గర సుమారు 59 శాతమే. ఆ వారం నుంచి బ్రాకెట్ విరిగిన రోజు వరకు ఐదు వారాలు. అంటే 5 కోట్ల 20 లక్షల ఊపులు. 420 కోట్లకు లొంగనిది 5 కోట్లకు లొంగింది.

వేగం తగ్గితే వైబ్రేషన్ తగ్గాలి గదా అని మీరు అడుగుతారు. తగ్గింది కూడా. నెలనెలా రాసుకునే రిజిస్టర్‌లో బేరింగ్ దగ్గర రీడింగ్ 1480లో సెకనుకు 3.5 మిల్లీమీటర్లు, 1350లో 3.0, 1240లో 2.6. చూసి సంతోషపడ్డాం. కానీ మనం ప్రోబ్ పెట్టేది బేరింగ్ మీద. బ్రాకెట్ కొస మీద ఒక్కనాడూ పెట్టలేదు.

గొల్లపల్లిలో బొబ్బిలి వీణలు చేసేవాళ్ల దగ్గర ఎప్పుడైనా కూర్చుంటే చూసే ఉంటారు. ఒక తీగ మీటితే, అదే శ్రుతిలో ఉన్న పక్క తీగ ముట్టకుండానే మోగుతుంది. వేరే శ్రుతిలో ఉన్న తీగ కదలదు. ఆ తీగకు ఎంత బలంగా మీటారన్నది ముఖ్యం కాదు, శ్రుతి కలిసిందా లేదా అన్నదే ముఖ్యం. మన పట్టీకీ ఒక సొంత శ్రుతి ఉంది, దాన్నే నేచురల్ ఫ్రీక్వెన్సీ అంటాం. దాన్ని కనుక్కోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. బరువు వల్ల కొస ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగుతుందో తెలిస్తే చాలు.

```
f = 15.8 / √δ
δ = 0.57 mm  →  f = 20.9 Hz
1240 / 60  =  20.7 Hz
```

12 కిలోలకు ఆ పట్టీ కొస 0.57 మిల్లీమీటర్లు దిగుతుంది. అంటే పట్టీ సొంతంగా సెకనుకు 21 సార్లు ఊగాలని చూస్తుంది. 1240లో ఫ్యాన్ దాన్ని సెకనుకు 20.7 సార్లు తోస్తోంది. వెల్డ్ మొదలు రాయిలా బిగుసుకుని ఉండదు, కాస్త ఇస్తుంది. అందుకని అసలు విలువ 20.9 కన్నా ఇంకొంచెం తక్కువే ఉంటుంది. రెండూ కలిసిపోయాయి. రెజొనెన్స్ అంటే ఇదే.

ఇదంతా కాగితం మీది లెక్క. విరిగిన దాన్ని పరీక్షించలేం కాబట్టి ఫ్యాన్ అవతలి బేరింగ్ దగ్గరున్న జత బ్రాకెట్‌ను పట్టుకున్నాం. కొలతలు అవే, కానీ దాని మీద ఒక వాల్వ్ తక్కువ, కిలో బరువు తక్కువ. ఫ్యాన్ ఆపి కొస మీద రబ్బరు సుత్తితో ఒక దెబ్బ కొట్టి, అది ఎలా ఊగి ఆగుతుందో మీటర్‌లో పట్టాం. 21.5 హెర్ట్జ్ వచ్చింది. తర్వాత ఫ్యాన్ నడిపి, వేగం మెల్లగా మారుస్తూ కొస మీద రీడింగ్ తీశాం. 1480లో 11. 1240లో 30, అప్పుడు బేరింగ్ మీద 2.6 మాత్రమే. 1290 దాటుతున్న క్షణంలో మీటరు 70 దాకా ఎగిరింది, వెంటనే వేగం పెంచేశాం. 1290 అంటే సరిగ్గా 21.5 హెర్ట్జ్. బరువు కిలో ఎక్కువున్న విరిగిన బ్రాకెట్‌కు ఆ శిఖరం అంతకంటే కాస్త కిందికి, అంటే 1240 చుట్టుపక్కలకు దిగుతుంది. పాపం, మనం తెలియకుండా ఫ్యాన్‌ను తెచ్చి ఆ శిఖరం దగ్గరే ఆపాం.

మరి అంత ఊపులో ఒకటి రెండు రోజుల్లోనే ఎందుకు విరగలేదని నాకూ అనుమానం వచ్చింది. పగులు మొదలైతే పట్టీ మెత్తబడుతుంది. మెత్తబడితే దాని శ్రుతి కిందికి జారుతుంది. అప్పుడు ఫ్యాన్‌తో కలవడం తప్పి ఊపు తగ్గుతుంది, పగులు నెమ్మదిస్తుంది. ముఖం మీద మొదటి భాగం తుప్పు పట్టేంత సమయం దొరకడానికి అదే కారణమని నా అంచనా. అండర్‌కట్ లేకపోతే ఇంకొన్నాళ్లు లాగేదేమో. కానీ వెల్డర్ తప్పని రాయలేను, ఆ గాడి ఎనిమిదేళ్లుగా అక్కడే ఉంది. అది పగులు ఎక్కడ పుట్టాలో చెప్పింది గానీ ఎప్పుడు పుట్టాలో చెప్పలేదు.

ఇప్పుడు మందం పట్టీ సంగతి. ఇక్కడే జాగ్రత్త కావాలి. స్టోర్‌లో 14 మిల్లీమీటర్ల పట్టీ ఉంది, దాంతో చేసేద్దామని నిన్న షిఫ్ట్‌లో అనుకున్నారు. 14తో చేస్తే శ్రుతి 26 హెర్ట్జ్‌కి పెరుగుతుంది. ఫ్యాన్ పూర్తి వేగం 1480 అంటే 24.7. ఫర్నేస్ పూర్తి లోడ్ మీదకు వచ్చి ఫ్యాన్ 1480కి వెళ్లిన రోజున పాత కథే మళ్లీ మొదలవుతుంది. 12 మిల్లీమీటర్ల పట్టీ ఏడేళ్లు 1480 దగ్గర బతికింది, దాన్ని "బలపరిచి" కొత్త పట్టీని చంపుకుంటాం. 16 వేస్తే 32 హెర్ట్జ్ వస్తుంది. అది 24.7కి బాగా పైన, పనికొస్తుంది. కానీ రేపు ఎవరో ఇంకో వాల్వ్ తగిలిస్తే మళ్లీ కిందికి దిగుతుంది. ఇంకా గట్టి రకం ఉక్కు వేద్దామన్నా ఉపయోగం లేదు. బలం ఎక్కువైనా ఉక్కు బిగువు మారదు, శ్రుతి అదే ఉంటుంది. వెల్డ్ అంచున ఫెటీగ్ విషయంలోనూ గట్టి ఉక్కుకు పెద్ద తేడా రాదు. పాత పగులు మీదే వెల్డ్ పూస వేయడం అన్నిటికన్నా దండగ, పగులు లోపల అలాగే ఉండిపోతుంది.

నా సలహా ఏమిటంటే, ఊగే పెడెస్టల్ మీద ఆ బరువు ఉండాల్సిన పనే లేదు. రెండు వైపులా నేల మీద చిన్న స్టాండ్ బిగించి వాల్వ్‌లు, పైపు దాని మీదకు మార్చేద్దాం. అక్కడి నుంచి బేరింగ్ దాకా అల్లిక తొడుగున్న రబ్బరు హోస్, కాస్త వదులుగా. రెండు బ్రాకెట్‌లూ కోసి తీసేస్తాం, వెల్డ్ మొదళ్లు గ్రైండర్‌తో నునుపు చేస్తాం. నాలుగు గంటల షట్‌డౌన్ చాలు. సామాను చాలావరకు స్టోర్‌లోనే ఉంది, హోస్‌లు మాత్రం విజయనగరం నుంచి తెప్పించాలి.

అది అయ్యేదాకా పైపును పక్క స్తంభానికి కట్టి నడుపుతున్నాం. జత బ్రాకెట్‌కు, పగులుంటే ఎర్ర రంగులో చూపే డీపీ టెస్ట్ చేశాం. వెల్డ్ అంచున ఎర్ర గీత ఏదీ రాలేదు. కానీ 1350లో కూడా దాని కొస మీద 29 వచ్చింది, కాబట్టి అక్కడా నడపొద్దు. షట్‌డౌన్ దాకా 1420 దగ్గర ఉంచుదాం, అక్కడ 15కి దిగింది. 1100కి దించితే ఇంకా మంచిదే గానీ హుడ్ దగ్గర పొగ లాగదు. వీఎఫ్‌డీలో 40 నుంచి 47.5 దాకా స్కిప్ పెట్టమని ఎలక్ట్రికల్ వాళ్లకు చెప్పాను. అంటే మోటారు ఆ మధ్య వేగాల్లో నిలబడకుండా దాటిపోతుంది. ఒక్క విషయం మాత్రం వాళ్లకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. వీఎఫ్‌డీ తెర మీద `Hz` అని కనిపించేది కరెంటుది, ఫ్యాన్ తిరుగుడుది కాదు. మన మోటారు నాలుగు పోళ్లది, తెర మీద 42 ఉంటే ఫ్యాన్ సెకనుకు 21 సార్లు తిరుగుతోందని అర్థం. నా కాగితంలో 21 చూసి వాళ్లు 21 దగ్గర స్కిప్ పెట్టబోయారు. ఫ్యాన్ ఎప్పుడూ అక్కడ నడవదు, పెట్టినా పెట్టనట్టే.

స్టాండ్ పని అయ్యాక ఆ స్కిప్ తీసేయొచ్చు. 1240కీ తిరిగి రావొచ్చు, కరెంటు ఆదా పోదు. అయితే ఆ రోజు ఫ్యాన్‌ను కింది నుంచి పైదాకా ఒకసారి మెల్లగా నడిపి, పెడెస్టల్‌కు తగిలించి ఉన్న ప్రతిదాని మీదా ప్రోబ్ పెట్టి చూస్తాను. గ్రీజు లైన్ క్లిప్పులు, కప్లింగ్ గార్డ్ కాళ్లు, టెంపరేచర్ సెన్సర్ బాక్సు, వీటిలో ఏది ఏ వేగం దగ్గర ఊగుతుందో మనకు ఇప్పటిదాకా తెలియదు. బేరింగ్ రీడింగ్‌కు మూడింతలు దాటిన ప్రతిదాన్నీ రాసి మీకు ఇస్తాను.

వచ్చే ఆదివారం ఉదయం నాలుగు గంటలు ఇప్పించగలరా? ప్రొడక్షన్ వాళ్లు సోమవారం ట్యాపింగ్ ఎక్కువ ఉందంటున్నారు, ఆదివారం అయితే వాళ్లకూ ఇబ్బంది లేదన్నారు.

ఫిట్టర్‌కు ఇచ్చిన మెమోను ఈ ఉత్తరం జతచేసి వెనక్కి తీసుకోవాలని కోరుతున్నాను. విరిగిన ముక్క నా బల్ల సొరుగులో, ప్లాస్టిక్ కవర్‌లో నూనె రాసి పెట్టాను. మీకు వీలైనప్పుడు టార్చ్ పట్టుకుని వస్తే ఆ గీతలు చూపిస్తాను.

ఇట్లు,
మెయింటెనెన్స్ ఇంజనీర్, బొబ్బిలి